స్టాప్ ఎంత దూరంలో పెట్టాలి, షేర్లు ఎన్ని కొనాలి: ఏటీఆర్ లెక్క

ప్రణీత (బీటీఎం లేఅవుట్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. షేరు కొన్న వెంటనే మూడు శాతం కింద స్టాప్‌లాస్ పెట్టి నా పని నేను చూసుకుంటాను. ఆఫీసులో తెర ముందు మార్కెట్ తెరిచి కూర్చునే వీలు లేదు. ప్రస్తుతం రెండు కంపెనీలతోనే నా వ్యవహారం. ఒకటి రసాయనాల కంపెనీ, ధర 840 దగ్గర ఉంది. రెండోది సబ్బులూ నూనెలూ చేసే కంపెనీ, 2,400 దగ్గర ఉంది.

మొదటి దాంట్లో స్టాప్ తగలడం, నేను బయటపడ్డాక ధర మళ్ళీ లేవడం మామూలైపోయింది. రెండో దాంట్లో స్టాప్ తగలనే తగలదు. షేరు నీరసపడిందని చార్టు చూస్తే తెలిసిపోతూనే ఉంటుంది, అయినా నా మూడు శాతం మాత్రం నిండదు. ఏటీఆర్ చూసి పెట్టుకోమని తోటి ఉద్యోగిని చెప్పింది. చార్టులో పెడితే రసాయనాల కంపెనీకి 21, సబ్బుల కంపెనీకి 30 చూపిస్తోంది. ఈ అంకెలతో ఏం చెయ్యాలి? నా పెట్టుబడి 5 లక్షలు. ఒక్కో కొనుగోలులో 5,000కు మించి పోవడం నాకు ఇష్టం లేదు.

కిరణ్ (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

సులభమే ప్రణీత గారూ. ఒక్కో రోజు గరిష్ఠ ధరలోంచి కనిష్ఠ ధర తీసేసి, 14 రోజులకు సగటు కడితే అదే ఏటీఆర్. అది పెరుగుతుంటే షేరు బలంగా ఉందని అర్థం. స్టాప్ ఒక ఏటీఆర్ దూరంలో పెట్టండి. 840కి కొంటే 819. స్టాప్ ఎంత దగ్గరగా ఉంటే నష్టం అంత తక్కువ. అమెరికాలో టర్టిల్స్ అని పేరుపడ్డ ట్రేడర్లు కూడా ఇదే ఏటీఆర్‌తో, కొనుగోలుకు ఒక్క శాతం రిస్కుతోనే నడిపారు.

రమణ (వైట్‌ఫీల్డ్)

కిరణ్ చెప్పిన ప్రతి వాక్యంలోనూ కొంత నిజం ఉంది. మిగతా సగంతోనే చిక్కు. ఒక్కొక్కటిగా చూద్దాం.

గరిష్ఠంలోంచి కనిష్ఠం తీసేస్తే వచ్చేది ఆ రోజు లోపలి కదలిక మాత్రమే. రాత్రికి రాత్రి జరిగింది అందులోకి రాదు. ప్రణీత గారి రసాయనాల షేరునే తీసుకుందాం. మొన్న ముగింపు 851 అనుకోండి. నిన్న గ్యాప్‌తో కిందికి తెరుచుకుని 838 నుంచి 817 మధ్య తిరిగింది. రోజు లోపలి కదలిక 21. కానీ మొన్న సాయంత్రం షేరు చేతిలో ఉన్నవాడికి నిన్న కనిష్ఠం దగ్గర కనిపించిన దెబ్బ 851 నుంచి 817 వరకు, అంటే 34. అతని జేబు ఈ 34నే చూస్తుంది. అందుకే గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా, ముందు రోజు ముగింపు నుంచి గరిష్ఠానికి దూరం, ముందు రోజు ముగింపు నుంచి కనిష్ఠానికి దూరం, ఈ మూడింటిలో పెద్దది తీసుకుంటాం. ట్రూ రేంజ్ అంటే అదే, దాని సగటే ఏటీఆర్.

దీన్ని 1978లో వెల్స్ వైల్డర్ బయటపెట్టాడు. ఆయన వృత్తిరీత్యా మెకానికల్ ఇంజినీరు. సరుకుల ఫ్యూచర్లలో ధర పరిమితికి తగిలి రోజంతా ఒకే ధర దగ్గర బిగుసుకుపోయే రోజులుండేవి. అలాంటి రోజు గరిష్ఠం, కనిష్ఠం ఒకటే, తేడా సున్నా. సున్నా అని రాసుకుంటే అది ప్రశాంతమైన రోజని లెక్క తేలుతుంది! మన దగ్గర చిన్న కంపెనీ షేరు తెరవగానే 5 శాతం లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్న రోజూ అంతే. ట్రూ రేంజ్ మాత్రం ఆ 5 శాతాన్నీ పట్టుకుంటుంది.

ఇక సగటు. వైల్డర్ మామూలు సగటు కట్టలేదు. నిన్నటి ఏటీఆర్‌ను 13తో గుణించి, ఇవాళ్టి ట్రూ రేంజ్ కలిపి, 14తో భాగించమన్నాడు. నిన్నటి వరకు ఏటీఆర్ 20 అనుకుంటే 20 × 13 = 260, దానికి 34 కలిపితే 294, 14తో భాగిస్తే 21. మీ చార్టులో కనిపిస్తున్న 21 ఇలాగే వస్తుంది.

ఏటీఆర్‌కు దిక్కు తెలియదు. షేరు కుప్పకూలినా పెరుగుతుంది, ఎగిరినా పెరుగుతుంది. దానిలో బలం చూడకు కిరణ్.

టర్టిల్స్ గురించి: 1983లో రిచర్డ్ డెనిస్ శిక్షణ ఇచ్చిన ఆ బృందం 20 రోజుల ఏటీఆర్ వాడింది, దాన్ని ఎన్ అని పిలిచేవారు. ఒక ఎన్ కదిలితే ఖాతాలో ఒక శాతం తేడా వచ్చేట్టు పరిమాణం పెట్టుకున్నారు. స్టాప్ మాత్రం రెండు ఎన్‌ల దూరంలో ఉండేది. అంటే స్టాప్ తగిలితే పోయేది రెండు శాతం, ఒకటి కాదు.

కిరణ్

సరే అన్నా, దిక్కు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ స్టాప్ దగ్గరగా ఉంటే నష్టం తక్కువ అన్నదానిలో తప్పేముంది? రెండు ఏటీఆర్‌ల దూరంలో 42 రూపాయలు పోవడం కంటే ఒక ఏటీఆర్ దూరంలో 21 పోవడం మేలు కదా.

రమణ

షేరుకు పోయేది 21. నీకు పోయేది 21 × ఎన్ని షేర్లు కొన్నావో అంత. ప్రణీత గారు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డది 5,000, అది మారదు. స్టాప్ 42 దూరంలో ఉంటే 5,000ను 42తో భాగిస్తే 119 షేర్లు. 21 దూరంలో ఉంటే 238 షేర్లు. తగిలినప్పుడు పోయేది రెండు విధాలా దాదాపు 5,000 రూపాయలే. తేడా ఎక్కడంటే, ఒక ఏటీఆర్ అంటే ఆ షేరు ఏ వార్తా లేకుండా మామూలు రోజున తిరిగే దూరం. స్టాప్‌ను అక్కడే పెడితే మామూలు రోజు కూడా నిన్ను బయటికి గెంటేస్తుంది. ప్రణీత గారికి జరుగుతున్నది సరిగ్గా ఇదే. 840లో మూడు శాతం 25 రూపాయల 20 పైసలు, అంటే 1.2 ఏటీఆర్. సబ్బుల కంపెనీలో మూడు శాతం 72 రూపాయలు, అంటే 2.4 ఏటీఆర్. రెండింటికీ ఒకే కొలత పెట్టానని ఆవిడ అనుకుంటున్నారు. నిజానికి ఒకదానికి ఇరుకు చొక్కా, ఇంకొకదానికి వదులు చొక్కా తొడిగారు.

వసుధ (జయనగర)

ఖర్చు సంగతి ఎవరూ ఎత్తడం లేదు, నేను ఎత్తుతాను. డెలివరీకి కొన్నప్పుడూ అమ్మినప్పుడూ ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.1 శాతం చొప్పున పడుతుంది. 119 షేర్లంటే సుమారు లక్ష, రాకపోకలకు ఎస్‌టీటీ దాదాపు 200. 238 షేర్లంటే రెండు లక్షలు, దాదాపు 400. స్టాప్ దగ్గరగా పెట్టినవాడికి ఈ ఖర్చు రెట్టింపు, పైగా అది తరచుగా తగులుతుంది కాబట్టి తరచుగా కడతాడు. మిగతా చార్జీలు, పన్ను వేరే.

ప్రణీత

ఇప్పుడు అర్థమైంది. ఇంతకాలం ఎన్ని షేర్లు కొనాలో ముందే తేల్చుకుని, స్టాప్ గురించి తర్వాత ఆలోచించాను. లెక్క తిరగేసి చెయ్యాలన్నమాట. ముందు ఏటీఆర్, దాన్నుంచి స్టాప్ దూరం, దాన్నుంచి షేర్ల సంఖ్య.

సబ్బుల కంపెనీకి చేసి చూశాను. ఏటీఆర్ 30, రెండింతలు 60. 5,000ను 60తో భాగిస్తే 83 షేర్లు. 2,400 చొప్పున 1,99,200 రూపాయలు. రసాయనాల కంపెనీలో 99,960 అవుతోంది. ఒకదానిలో లక్ష, మరోదానిలో రెండు లక్షలా? ఏదో పొరపాటు చేశానా?

రమణ

లెక్క సరైనదే. తక్కువ కదిలే షేరు ఎక్కువ కొనమని చెప్పడమే ఈ పద్ధతి స్వభావం. రెండింటిలోనూ మామూలు రోజున మీ ఖాతా దాదాపు ఒకే అంత ఊగుతుంది. 119 × 21 అంటే 2,499, 83 × 30 అంటే 2,490. చూడండి.

మూర్తి (పెరంబూరు, చెన్నై)

ప్రణీతమ్మా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకు. నేను బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. చార్టు సైట్లు నాకు పడవు, కంప్యూటర్లో షీటు పెట్టుకుని చేత్తోనే లెక్కలు రాసుకుంటాను. ఈ ఏటీఆర్ నన్ను బెదరగొట్టింది. నా దగ్గరున్న షేరుకు ఏటీఆర్ 24 ఉండేది. ఉన్నట్టుండి 66 అయింది. షేరు ధర చూస్తే 605. రోజుకు పదకొండు శాతం కదిలే షేరు ఈ వయసులో నాకెందుకు? మీ లెక్క ప్రకారం స్టాప్ 132 దూరంలో పెట్టి 37 షేర్లు మాత్రమే ఉంచుకోవాలి. అమ్మేద్దామనుకుంటున్నాను. పెద్దలెవరైనా చెప్పండి.

వసుధ

మూర్తి గారూ, అమ్మకండి! ఈ మధ్య ఆ కంపెనీ బోనస్ ఏమైనా ఇచ్చిందా?

మూర్తి

ఇచ్చింది. ఒకటికి ఒకటి. నా షేర్లు రెట్టింపయ్యాయి.

వసుధ

అదీ సంగతి. బోనస్ ముందు రోజు ముగింపు ఎంత, ఎక్స్‌బోనస్ రోజు కనిష్ఠం ఎంత?

మూర్తి

1,210. మర్నాడు కనిష్ఠం 595.

వసుధ

మీ షీటు 1,210లోంచి 595 తీసేసి ట్రూ రేంజ్ 615 అని రాసుకుంది. 24 × 13 కు 615 కలిపి 14తో భాగిస్తే 66 పైచిలుకు. షేరు అలా పడలేదు, ముక్కలు రెండయ్యాయి అంతే. బోనస్‌కు ముందున్న ధరలన్నీ, అంటే గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు మూడూ, సగం చేసి మళ్ళీ లెక్క కట్టండి. 24 కాస్తా 12 అవుతుంది. అప్పుడు రెండు ఏటీఆర్‌లు 24, 5,000ను 24తో భాగిస్తే 208 షేర్లు. 37 ఎక్కడ, 208 ఎక్కడ.

పసిగట్టడం కష్టమేమీ కాదు. ట్రూ రేంజ్ వరుసలో ఒక్క అంకె మిగతావాటికి పది ఇరవై రెట్లు ఉంటే ముందు అనుమానించాల్సింది మార్కెట్‌ను కాదు, డేటాను. షేరు విభజన జరిగినా ఇదే తంతు. చార్టు సైట్లు చాలావరకు సర్దుబాటు చేసిన ధరలే ఇస్తాయి. చేత్తో ఎక్కించుకునేవాళ్ళకే ఈ తలనొప్పి.

మూర్తి

సగం చేశాను. 12 దగ్గరికి వచ్చింది. ధన్యవాదాలమ్మా. షీటులో రాసే సూత్రం సరైనదో కాదో కూడా చూసిపెడతారా? నాది మరీ పొడుగ్గా ఉంది.

రమణ

సి గరిష్ఠం, డి కనిష్ఠం, ఇ ముగింపు, ఎఫ్ ట్రూ రేంజ్, జి ఏటీఆర్ అనుకుంటే ఇంతే. మొదటి ఏటీఆర్ మామూలు సగటు, ఆ తర్వాత వైల్డర్ పద్ధతి.

```
F3:   =MAX(C3-D3, ABS(C3-E2), ABS(D3-E2))
G16:  =AVERAGE(F3:F16)
G17:  =(G16*13+F17)/14
```

ఎఫ్, జి నిలువు వరుసలను కిందికి లాగండి. వంద రోజులకైనా లాగితే తప్ప చార్టు చూపించే అంకెతో కలవదు. మొదటి సగటు ఎక్కడ మొదలుపెట్టామన్న తేడా అరగడానికి అంత సమయం పడుతుంది. అప్పటికీ కలవకపోతే ఆ చార్టు మామూలు సగటు వాడుతోందేమో సెట్టింగులలో చూడండి.

సాయి (సర్జాపుర రోడ్డు)

నాకు మాత్రం ఏటీఆర్ పనిచెయ్యదు. అయిదు నిమిషాల చార్టులో పెట్టి రోజులోనే కొని అమ్ముతాను. పొద్దున్న 9.20కి చూస్తే అంకె భయంకరంగా ఉంటుంది. పదిన్నరకు సగమవుతుంది. దేన్ని నమ్మాలి? ఇంకో మాట, నేను ఫ్యూచర్లు చేస్తాను. 119, 83 లాంటి అంకెలు నాకు కుదరవు.

రమణ

సాయీ, ప్రశ్న రోజువారీ చార్టుది. అయినా అడిగావు కాబట్టి చెబుతాను. 9.15కి మొదలయ్యే మొదటి అయిదు నిమిషాల క్యాండిల్‌కు ముందటి ముగింపు ఏది? నిన్న మధ్యాహ్నం మూడున్నరది. రాత్రి గ్యాప్ మొత్తం ఆ ఒక్క క్యాండిల్ ట్రూ రేంజ్‌లో పడుతుంది. గ్యాప్ పెద్దదైన రోజున పొద్దున్న ఏటీఆర్ ఉబ్బి, తర్వాత మెల్లగా దిగుతుంది. అయిదు నిమిషాల కదలిక అంతుందని అనుకుంటే పొరపాటు. రోజు లోపలే ఆడేవాడు ఆ మొదటి క్యాండిల్‌కు గరిష్ఠం, కనిష్ఠం తేడా మాత్రమే తీసుకుంటే సరి.

ఫ్యూచర్ల విషయంలో సూత్రం నీకు సమాధానం ఇచ్చింది, నీకు నచ్చలేదు అంతే. ఇదే 840 షేరుకు లాట్ 500 అనుకో. రెండు ఏటీఆర్‌లు 42, 500తో గుణిస్తే 21,000. నీ రిస్కు 5,000. భాగిస్తే ఒక లాట్‌లో పావు కూడా రాదు. అంటే సున్నా లాట్లు. ఆ షేరు ఫ్యూచర్ నీ ఖాతాకు పెద్దది. ఆ 21,000ను 5,000 చెయ్యడానికి స్టాప్‌ను 10 రూపాయల దూరానికి లాక్కొస్తారు చూడు, అక్కడే చాలామంది మునుగుతారు. పది రూపాయలంటే సగం ఏటీఆర్ కూడా కాదు.

సాయి

మీరు చెప్పినట్టు చేస్తే మా అపార్ట్‌మెంటులో ఎవరూ ఫ్యూచర్లు ముట్టుకోలేరు.

వసుధ

అంతకంటే మంచి వార్త ఏముంది. సరదాకు అన్నాను సాయీ, కోపగించుకోకు.

ప్రణీత గారి రెండు లక్షల దగ్గరికి మళ్ళీ వస్తాను. రమణ గారు లెక్క సరైనదని ఊరుకున్నారు. నాకు అక్కడే అభ్యంతరం. 5 లక్షల ఖాతాలో ఒకే కంపెనీలో 40 శాతం! షేరు ఇన్నాళ్ళూ నెమ్మదిగా ఉంది కాబట్టి ఏటీఆర్ చిన్నది, ఏటీఆర్ చిన్నది కాబట్టి షేర్లు ఎక్కువ. ఆ నెమ్మది రేపు కూడా ఉంటుందని ఎవరు రాసిచ్చారు? ఆ 2,400 ఒక చెడ్డ ఉదయాన పది శాతం గ్యాప్‌తో 2,160 దగ్గర తెరుచుకుంటే 240 × 83, అంటే 19,920 పోతుంది. ఆవిడ ఒప్పుకున్నది 5,000. స్టాప్ 2,340లో ఉన్నా లేనట్టే.

అందుకని నేను రెండో గీత ఒకటి గీస్తాను. ఏ షేరులోనూ ఖాతాలో అయిదో వంతు దాటను. ఈ లెక్కన లక్ష, అంటే 41 షేర్లు. ఏటీఆర్ లెక్క, ఈ లెక్క రెండూ చేసి ఏది తక్కువైతే అది.

రమణ

గీత ఉండాలన్నదానితో ఏకీభవిస్తాను. అయిదో వంతా, నాలుగో వంతా అన్నదానికి శాస్త్రం లేదు. నేను నాలుగో వంతు వరకు వెళతాను, చిన్న కంపెనీలలో మాత్రం పదో వంతు కూడా దాటను. మీ అయిదో వంతు గీతతో ఒక చిక్కుంది. నెమ్మదిగా ఉండే షేర్లన్నీ ఆ గీత దగ్గరే ఆగిపోతాయి, ఏటీఆర్‌తో సమానం చేసిన ఊగు మళ్ళీ అసమానమవుతుంది.

వసుధ

కానివ్వండి. నిద్ర పడుతుంది.

కిరణ్

నాదొక అనుభవం. ఈ మధ్య 840కి కొని 2 ఏటీఆర్, అంటే 798లో స్టాప్ పెట్టాను. 119 షేర్లే. తర్వాత కంపెనీ ఫలితాలు వచ్చాయి. ఆ ఒక్క రోజు ట్రూ రేంజ్ 104. ఏటీఆర్ 21 నుంచి 27 అయింది. షేరుకు ఊపిరి పీల్చుకునే చోటు ఇవ్వాలని స్టాప్‌ను 840 − 54, అంటే 786కు దింపాను. ఏటీఆర్ పెరిగితే స్టాప్ దూరమూ పెరగాలి కదా?

రమణ

కొత్తగా కొనేవాడికి పెరగాలి. 54 దూరం, 92 షేర్లు, రిస్కు మళ్ళీ 5,000 లోపే. నీ దగ్గర 119 ఉన్నాయి. స్టాప్ 54 దూరానికి దింపిన క్షణంలో నీ రిస్కు 6,426 అయింది. కొన్ననాడు చేసిన లెక్కను నువ్వే చెరిపేశావు. దింపాలనే అనుకుంటే 27 షేర్లు అమ్మి దింపు, అప్పుడు ఎవరూ ఏమీ అనరు. లేదంటే కదపకు. పైకి జరపడానికి ఏటీఆర్ వాడవచ్చు, కిందికి జరపడానికి కాదు.

ఇంకో సంగతి. ఆ 104 రోజు ప్రభావం చాలా కాలం నిలుస్తుంది. తర్వాత రోజూ ట్రూ రేంజ్ 20 దగ్గరే ఉన్నా, 14 రోజుల తర్వాత కూడా ఏటీఆర్ 22 పైనే ఉంటుంది. మామూలు సగటు వాడే చార్టులో 14 రోజులు 26 దగ్గర నిలబడి, పదిహేనో రోజున ఒక్కసారిగా 20కి జారుతుంది. ఆ రోజు షేరులో ఏదో మారిందని అనుకోకు. పాత అంకె ఒకటి వరుసలోంచి తప్పుకుంది, అంతే.

నాకు అసలు భయం దీనికి తిరగబడిన సందర్భం. ఉబ్బిన ఏటీఆర్ తక్కువ కొనిపిస్తుంది, దానివల్ల పెద్ద హాని లేదు. ఫలితాల ముందు షేరు రెండు మూడు వారాలు కదలకుండా పడుంటే ఏటీఆర్ చిక్కిపోతుంది, సూత్రం ఎక్కువ కొనమంటుంది. సరిగ్గా అప్పుడే ఫలితాలు వస్తాయి. ఏటీఆర్ వెనక్కి మాత్రమే చూస్తుంది, దానికి క్యాలెండరు తెలియదు.

2024 జూన్ 4 గుర్తుందా? ఓట్ల లెక్కింపు ఆ రోజేనని దేశమంతటికీ ముందే తెలుసు. జూన్ 3న నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. మర్నాడు ఒక దశలో 21,300 కిందికి పోయి 21,884.50 దగ్గర ముగిసింది. ముగింపు నుంచి ముగింపుకే దాదాపు ఆరు శాతం. ముందు రోజు ముగింపు నుంచి ఆనాటి కనిష్ఠానికి దాదాపు రెండు వేల పాయింట్లు. జూన్ 3 సాయంత్రం చార్టులో ఉన్న ఏ ఏటీఆర్ దాన్ని చెప్పగలదు?

సాయి

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ఆ ముచ్చట వద్దులెండి.

ప్రణీత

మరి గ్యాప్ వస్తే నా స్టాప్ ఏమవుతుంది? నేను రోజూ పెట్టలేక జీటీటీ పెడుతుంటాను. ట్రిగ్గర్ 798, అమ్మే ధర 796 అని.

రమణ

మంచి ప్రశ్న. మామూలు స్టాప్ ఆర్డరు ఆ రోజుతోనే రద్దవుతుంది, జీటీటీ బ్రోకరు దగ్గర నిలిచి ఉంటుంది. ట్రిగ్గర్ తగిలాక అది లిమిట్ ఆర్డరుగా ఎక్స్ఛేంజికి వెళుతుంది. షేరు 775 దగ్గర తెరుచుకుందనుకోండి. ట్రిగ్గర్ తగిలినట్టే, ఆర్డరు వెళుతుంది, కానీ 796కు తక్కువ అమ్మనని మీరే చెప్పారు. ఆర్డరు పుస్తకంలో పడి ఉంటుంది, షేరు మీ చేతిలోనే ఉంటుంది. సాయంత్రం ఫోను తెరిచేదాకా మీకు తెలియదు.

లిమిట్ ధరను ట్రిగ్గర్‌కు బాగా కింద, కనీసం ఒక ఏటీఆర్ కింద పెట్టండి. 798కి ట్రిగ్గర్, 777కి లిమిట్. మామూలు రోజున 798 దగ్గర్లోనే అమ్ముడవుతుంది, ఎందుకంటే లిమిట్ అంటే అంతకు తగ్గకుండా అని మాత్రమే. ఇందాకటి 775 ఉదయాన అది కూడా చాలదు, అది వేరే సంగతి. లోయర్ సర్క్యూట్‌లో కొనేవాడే లేనప్పుడు ఏ ఆర్డరూ పనిచెయ్యదు. అక్కడ మిమ్మల్ని కాపాడేది స్టాప్ కాదు, కొన్న షేర్ల సంఖ్య తక్కువగా ఉండటం. వసుధ గారి గీతకు నేను ఒప్పుకున్నది అందుకే.

వసుధ

ఈ ఊళ్ళో వాళ్ళకు మరో హెచ్చరిక. నా దగ్గరికి పన్ను లెక్కలకు వచ్చేవాళ్ళ ఖాతాలలో అయిదారు ఐటీ కంపెనీలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కోదానికి ఏటీఆర్‌తో చక్కగా ఒక్కో శాతం రిస్కు పెట్టుకుంటారు. అమెరికా నుంచి ఒక చెడ్డ వార్త రాగానే అయిదూ ఒకే ఉదయం గ్యాప్‌తో పడతాయి. అది అయిదు ఒక్క శాతాలు కాదు, ఒకే అయిదు శాతం. జీతం కూడా అదే రంగం నుంచి వస్తోందన్న సంగతి సరేసరి. ఒక రంగం మొత్తానికి రెండు శాతం దాటకూడదని నేను వాళ్ళతో పోట్లాడుతుంటాను.

కిరణ్

ఒక్కటి మాత్రం తేలలేదు. రెండు ఏటీఆర్‌లే ఎందుకు? మూడు ఎందుకు కాకూడదు? ఒకటిన్నర?

రమణ

తేలదు. వారాల తరబడి ఉంచుకునేవాళ్ళు మూడు వాడతారు, నాలుగైదు రోజుల్లో బయటపడేవాళ్ళు ఒకటిన్నరకూ రెండుకూ మధ్య. గుణకం పెంచితే స్టాప్ తక్కువసార్లు తగులుతుంది, షేర్లు తగ్గుతాయి, లాభం వచ్చినా చిన్నదవుతుంది.

నీ పాత కొనుగోళ్ళనే అడుగు. చివరికి లాభంతో ముగిసిన ప్రతి కొనుగోలుకూ, కొన్నాక ధర నీకు ఎదురుగా గరిష్ఠంగా ఎంత దూరం వెళ్ళిందో చూసి, దాన్ని కొన్న రోజు ఏటీఆర్‌తో భాగించు. 840కి కొన్నది 811 దాకా పోయి లేచిందంటే 29ని 21తో భాగిస్తే 1.4. అలా ఓ యాభై కొనుగోళ్ళు రాస్తే, లాభం ఇచ్చినవి ఎక్కడిదాకా దిగి లేస్తున్నాయో కనిపిస్తుంది. చాలావరకు 1.6 లోపే తిరిగాయంటే నీకు మూడు దండగ. 1.9, 2.3 అని బోలెడన్ని కనిపిస్తే నీకు రెండు ఇరుకు. స్టాప్ తగిలి బయటపడ్డవాటికి కూడా, నువ్వు లేకపోయినా షేరు ఆ తర్వాత ఎటు పోయిందో రాసుకో. లేకపోతే ఇరుకు స్టాప్ తప్పు ఆ పట్టికలో కనిపించదు.

వసుధ

నేను గుణకంతో మొదలుపెట్టను. చార్టులో ఈ మధ్య షేరు ఆగి లేచిన చోటు చూస్తాను. స్టాప్ దాని కింద. అది ఒక ఏటీఆర్ కంటే దగ్గరగా ఉంటే కొనను, మూడు కంటే దూరంగా ఉంటే కూడా కొనను.

రమణ

ఆ ఆగిన చోటు అందరికీ కనిపిస్తుంది వసుధ గారూ, స్టాపులన్నీ అక్కడే గుమిగూడతాయి.

వసుధ

రెండు ఏటీఆర్ కూడా అందరికీ తెలిసిందే.

ప్రణీత

మీ ఇద్దరి వాదన చదువుతూనే షీటు పూర్తి చేశాను. రసాయనాల కంపెనీ: 840, ఏటీఆర్ 21, స్టాప్ 798, లిమిట్ 777, షేర్లు 119. అయిదో వంతు గీతకు 40 రూపాయలు లోపలే ఉంది. సబ్బుల కంపెనీ ఫలితాలు గురువారం. అది అయ్యేదాకా కొనను. కొన్న తర్వాత కూడా 41 మించను.

పాత కొనుగోళ్ళ పట్టిక ఆదివారం కూర్చుని వేస్తాను. స్టాప్ తగిలాక షేరు ఎటు పోయిందో ఎన్ని రోజులు వెంటపడి చూడాలి, పదా, ఇరవయ్యా?

కిరణ్

నేనైతే పది.

రమణ

మామూలుగా మీరు ఒక షేరును ఎన్ని రోజులు ఉంచుకుంటారో అన్ని రోజులు.

మూర్తి

నా షేరుకు వచ్చే నెల డివిడెండు ఉందట. దానికి కూడా ధరలు సర్దాలా?

వసుధ

ఎంత డివిడెండు?

మూర్తి

షేరుకు 4 రూపాయలు.

వసుధ

ఏటీఆర్ 12కు 4 అంటే ఆ ఒక్క రోజుకు కాస్త తేడా వస్తుంది, 14తో భాగించాక పైసల్లోకి పోతుంది. వదిలెయ్యండి మూర్తి గారూ. ప్రత్యేక డివిడెండు అని 40, 50 ఇచ్చిన రోజున మాత్రం సర్దండి.